రెండు లక్షలు, అయిదేళ్లు: ఏ డిపాజిట్‌లో వేస్తే చివరికి చేతికెంత వస్తుంది?

బ్యాంకు బోర్డు మీద అయిదేళ్లకు 6.5 శాతం అని ఉంది. పోస్టాఫీసులో అయిదేళ్ల టైమ్ డిపాజిట్‌కు 7.5 శాతం అన్నారు. ఒక శాతం తేడా కాబట్టి పోస్టాఫీసే మేలని ఎవరైనా అనుకుంటారు. కానీ రెండు చోట్లా రెండు లక్షల చొప్పున వేసి, అయిదేళ్లు అటువైపు చూడకుండా వదిలేస్తే చివర్లో తేడా వెయ్యి రూపాయలే. ఇంకో అర శాతం ఎక్కువిచ్చే బ్యాంకు దొరికితే 7 శాతం బ్యాంకే గెలుస్తుంది, 7.5 శాతం పోస్టాఫీసు ఓడిపోతుంది. ఇందులో మోసమేమీ లేదు, షరతులన్నీ కాగితం మీదే ఉంటాయి. మనం రేటు ఒక్కటే చూసి మిగతాది చదవం, అంతే.

నేను గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్లో లెక్కలు రాస్తాను. సీజన్ అయిపోయి రైతుల చేతికి డబ్బు వచ్చాక ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఈసారి అడిగిన రైతుకు 52 ఏళ్లు. అప్పులు తీర్చగా రెండు లక్షలు మిగిలాయి, అయిదేళ్ల దాకా అవసరం లేదు. ఆయన ముందున్న దారులనే ఇక్కడ పోలుస్తాను. మీ దగ్గర లక్షే ఉంటే జవాబులో సగం తీసుకోండి.

## రేటు కంటే ముందు అడగాల్సినవి

మొదటిది: వడ్డీ అసలులో కలుస్తుందా, బయటికి వచ్చేస్తుందా? కలిస్తే వచ్చే ఏడు వడ్డీ మీద కూడా వడ్డీ వస్తుంది. బయటికి వస్తే అసలు ఎప్పటికీ రెండు లక్షలే.

రెండోది: కలిసేట్టయితే ఏడాదికి ఎన్నిసార్లు కలుస్తుంది? మన దగ్గర బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో మామూలుగా మూడు నెలలకోసారి, పోస్టాఫీసు సేవింగ్స్ సర్టిఫికెట్‌లో ఏడాదికోసారి.

మూడోది: మధ్యలో డబ్బు కావాల్సి వస్తే ఏమవుతుంది?

జనం రెండోదాని గురించి ఎక్కువ మాట్లాడుకుంటారు కానీ డబ్బులో పెద్ద తేడా తెచ్చేది మొదటిదే. రెండు లక్షలు, 7 శాతం, అయిదేళ్లు అనుకోండి. వడ్డీ కలవకుండా బారువడ్డీగా బయటికి వస్తే మొత్తం 2,70,000. ఏడాదికోసారి కలిస్తే 2,80,510. మూడు నెలలకోసారి కలిస్తే 2,82,956. నెలనెలా కలిసినా 2,83,525 దాటదు. అంటే వడ్డీ లోపలే ఉండడం వల్ల పదివేల పైన వచ్చింది. అది తరచుగా కలవడం వల్ల వచ్చింది రెండున్నర వేల లోపే, మూడు నెలల నుంచి నెలకు మారితే ఇంకో 569 రూపాయలు. కాబట్టి "మా దగ్గర మంత్లీ కాంపౌండింగ్ అండీ" అని ఎవరైనా ఊరిస్తే తొందరపడక్కర్లేదు.

## ఒక్క గుణకారం, దాన్నే మళ్లీ మళ్లీ

చక్రవడ్డీకి పెద్ద సూత్రం అక్కర్లేదు. 7.7 శాతం వడ్డీ అంటే ఏడాది చివర వంద రూపాయలు 107 రూపాయల 70 పైసలు అవుతాయి, రూపాయి 1.077 అవుతుంది. ఉన్న మొత్తాన్ని 1.077 తో గుణిస్తే ఏడాది చివరి మొత్తం వస్తుంది. వచ్చినదాన్ని మళ్లీ 1.077 తో గుణిస్తే రెండో ఏడాది. అయిదేళ్లకు అయిదు గుణకారాలు.

పోస్టాఫీసు నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్, మనం ఎన్నెస్సీ అనేది, సరిగ్గా ఇలాగే నడుస్తుంది. 2023 ఏప్రిల్‌లో దీని రేటు 7.7 శాతం చేశారు. ప్రభుత్వం మూడు నెలలకోసారి ఈ రేట్లను సమీక్షిస్తుంది కాబట్టి వెళ్లే రోజు ఎంతుందో కౌంటర్లో అడగండి. అయితే మీరు కొన్న రోజున ఉన్న రేటు ఆ సర్టిఫికెట్‌కు చివరిదాకా మారదు.

| ఏడాది | మొదట్లో ఉన్నది | ఆ ఏడాది వడ్డీ | చివర్లో (× 1.077) |
|---|---|---|---|
| 1 | 2,00,000 | 15,400 | 2,15,400 |
| 2 | 2,15,400 | 16,586 | 2,31,986 |
| 3 | 2,31,986 | 17,863 | 2,49,849 |
| 4 | 2,49,849 | 19,238 | 2,69,087 |
| 5 | 2,69,087 | 20,720 | 2,89,807 |

వడ్డీ గడి కిందికి చదవండి. రేటు మారలేదు, మీరు కొత్తగా ఒక్క రూపాయీ వేయలేదు, కానీ మొదటి ఏడు 15,400 వచ్చిన వడ్డీ అయిదో ఏడు 20,720 అయింది. ఇదే 7.7 శాతాన్ని బారువడ్డీగా లెక్కేస్తే అయిదేళ్లకు 77,000 వచ్చి ఉండేది. ఇక్కడ 89,807 వచ్చింది. పైన వచ్చిన 12,807 మొత్తం వడ్డీకి పుట్టిన వడ్డీయే.

కొట్లో ఉండే పెద్ద మీటల కాలిక్యులేటర్ మీద దీన్ని చాలా తొందరగా చేయొచ్చు. ముందు మీ మిషన్ సంగతి తెలుసుకోండి: 2 × 3 నొక్కి, = రెండుసార్లు కొట్టండి. 12 వస్తే అది మొదటి అంకెను గుర్తుపెట్టుకునే రకం. అప్పుడు 1.077 × 200000 నొక్కి = ను అయిదుసార్లు కొడితే 2,89,806 పైచిలుకు కనబడుతుంది. 18 వస్తే అది రెండో అంకెను గుర్తుపెట్టుకునే రకం, 200000 × 1.077 అని మొదలెట్టండి. 6 దగ్గరే ఆగిపోతే ఆ మిషన్‌కు ఈ సదుపాయం ఆ పద్ధతిలో లేదు, ప్రతి ఏడాదికీ × 1.077 = అని కొట్టుకోవడమే.

## బ్యాంకు క్యుములేటివ్ డిపాజిట్

క్యుములేటివ్ అంటే వడ్డీ బయటికి రాకుండా అసలులోనే కలిసే రకం. ఇక్కడ 6.5 శాతం అని తీసుకుంటున్నాను. 2025లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటు తగ్గిస్తూ వచ్చింది, దాంతో బ్యాంకుల డిపాజిట్ రేట్లూ దిగాయి. కొన్ని బ్యాంకుల్లో అయిదేళ్లకు ఇంతకన్నా తక్కువే ఉండొచ్చు. మీ బ్యాంకు బోర్డు మీద ఉన్న అంకె పెట్టుకుని ఇదే లెక్క చేయండి.

మూడు నెలలకోసారి కలుస్తుంది కాబట్టి ఏడాది రేటును నాలుగుతో భాగించాలి. 6.5 ను 4 తో భాగిస్తే 1.625. కాబట్టి గుణించాల్సిన అంకె 1.01625. అయిదేళ్లలో మూడు నెలల విడతలు ఇరవై ఉంటాయి, అంటే ఇరవై గుణకారాలు.

ఇరవైసార్లు ఓపిక లేకపోతే దగ్గరి దారి ఉంది. 1.01625 ను నాలుగుసార్లు గుణిస్తే ఏడాది అంకె 1.0666 వస్తుంది. దాంతో అయిదుసార్లు గుణిస్తే చాలు. కాకపోతే ఆ నాలుగు దశాంశాలు వదలకండి. 1.07 చాల్లే అని సర్దుకుంటే అయిదేళ్లకు లెక్క నాలుగు వేల పైనే ఎక్కువ చూపిస్తుంది. ఫోన్లో స్ప్రెడ్‌షీట్ ఉంటే ఒక్క వరుసలో అయిపోతుంది:

```
=200000*(1+0.065/4)^20
```

జవాబు 2,76,084. బ్యాంకు ప్రతి మూడు నెలలకూ రూపాయికి సరిచేస్తుంది కాబట్టి రసీదు మీద రెండు మూడు రూపాయలు అటూ ఇటూ ఉంటుంది, దాని గురించి గొడవ పడక్కర్లేదు.

బ్యాంకుకు ఉన్న అసలు బలం రేటు కాదు, అవసరమైతే డబ్బు వెనక్కి తీసుకోగలగడం. కానీ దానికీ ధర ఉంది. డిపాజిట్ మధ్యలో తీసేస్తే, బ్యాంకులు ఒప్పుకున్న అయిదేళ్ల రేటు ఇవ్వవు. డబ్బు ఎంతకాలం ఉందో ఆ కాలానికి, మీరు వేసిన రోజున ఉన్న రేటు చూస్తాయి, అందులోంచి సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం దాకా కోస్తాయి. మన రైతు మూడేళ్లకు తీశాడనుకోండి. మూడేళ్ల రేటు కూడా 6.5 అనుకుని ఒక శాతం కోస్తే 5.5 శాతం. పన్నెండు విడతలకు లెక్కేస్తే 2,35,614 వస్తుంది. కోత లేకుండా ఆ రోజుకు పేరి ఉన్నది 2,42,682. అంటే ఏడు వేలు పోయాయి. కోత ఆ చివరి మూడు నెలలకే పడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, మొదటి రోజు నుంచీ తక్కువ రేటుతో మళ్లీ గుణిస్తారు.

అందుకని కొద్ది నెలల అవసరమే అయితే డిపాజిట్ తీయకుండా దాని మీద లోను అడగండి. డిపాజిట్ రేటు మీద ఒకటి, రెండు శాతం ఎక్కువ వడ్డీ పడుతుంది, కానీ అది వాడుకున్న మొత్తానికి, వాడుకున్న నెలలకే. మీ గుణకారం మాత్రం ఆగదు. పన్ను మినహాయింపు కోసం వేసే అయిదేళ్ల ట్యాక్స్ సేవర్ డిపాజిట్‌లో ఈ రెండూ కుదరవు: మధ్యలో తీయలేరు, దాని మీద లోనూ రాదు.

## పోస్టాఫీసు టైమ్ డిపాజిట్: 7.5 శాతం ఎక్కడ ఆగిపోతుంది?

కాగితం మీద "వడ్డీ మూడు నెలలకోసారి లెక్కించి, ఏడాదికోసారి చెల్లిస్తారు" అని ఉంటుంది. మొదటి సగం చదివి చక్రవడ్డీ అనుకుంటాం. అసలు కీలకం రెండో సగంలో ఉంది.

7.5 ను నాలుగు విడతలుగా గుణిస్తే ఏడాదికి వందకు 7 రూపాయల 71 పైసలు. పదివేలకు 771, రెండు లక్షలకు 15,420. ఇంతవరకు చక్రవడ్డీయే, ఎన్నెస్సీ మొదటి ఏడాది ఇచ్చే 15,400 కన్నా ఇరవై ఎక్కువ కూడా. కానీ ఏడాది తిరగ్గానే ఆ 15,420 బయటికి వచ్చేస్తుంది. రెండో ఏడాది మళ్లీ రెండు లక్షల నుంచే మొదలు, మళ్లీ 15,420. మీరు ఆ వడ్డీ తీసుకోకుండా వదిలేస్తే దాని మీద అదనంగా ఏమీ రాదు, ఊరికే పడి ఉంటుంది. అయిదేళ్లకు 77,100. మొత్తం 2,77,100.

ముందు చెప్పిన వెయ్యి రూపాయల తేడా ఇదే: బ్యాంకు 6.5 శాతంతో 2,76,084, పోస్టాఫీసు 7.5 శాతంతో 2,77,100.

దీనికి మందు ఉంది. ఏటా వచ్చే వడ్డీ తనంతట తానే పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో పడేలా ఖాతా తెరిచేటప్పుడే రాసివ్వండి. సేవింగ్స్‌కు 4 శాతం వస్తుంది. అప్పుడు లెక్క ఇలా నడుస్తుంది: మొదటి ఏడాది చివర 15,420. దాన్ని 1.04 తో గుణించి ఇంకో 15,420 కలిపితే 31,457. మళ్లీ 1.04 తో గుణించి కలిపితే 48,135, ఆ తర్వాత 65,480, అయిదో ఏడాది చివర 83,520. మొత్తం 2,83,520. ఒక్క సంతకంతో ఆరు వేల పైన కలిసొచ్చింది. ఆ సేవింగ్స్ ఖాతాలోంచి మధ్యలో తీసి వాడేస్తే మాత్రం ఈ లెక్క వర్తించదు, నిజానికి చాలామంది వాడేస్తారు.

## అరవై దాటినవాళ్లకు

రైతు తల్లికి 70 ఏళ్లు. ఆమె పేరు మీద వేస్తే ఎలా ఉంటుందని కూడా అడిగాడు. బ్యాంకులు అరవై దాటినవాళ్లకు మామూలుగా అర శాతం కలుపుతాయి, అంటే 6.5 కాస్తా 7 అవుతుంది. 1.0175 తో ఇరవైసార్లు గుణిస్తే 2,82,956. అర శాతంతో 6,872 రూపాయలు ఎక్కువ.

సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 8.2 శాతం ఉంది. ఇది పోస్టాఫీసులోనూ బ్యాంకుల్లోనూ దొరుకుతుంది. రేటు చూస్తే అన్నింటికన్నా పైన ఉంది కానీ ఇదీ వడ్డీ బయటికి ఇచ్చే రకమే: మూడు నెలలకోసారి 4,100. అయిదేళ్లకు 82,000, మొత్తం 2,82,000. చూశారుగా, వడ్డీని కదపకుండా వదిలేస్తే 8.2 శాతం స్కీము 7 శాతం బ్యాంకు కన్నా 956 రూపాయలు తక్కువ ఇస్తోంది! అదే 4,100 ఎప్పటికప్పుడు 4 శాతం సేవింగ్స్ ఖాతాలో పడేట్టు పెడితే మొత్తం సుమారు 2,90,000 దాకా వెళ్తుంది, అంటే ఎన్నెస్సీని కూడా కాస్త దాటుతుంది. మందులకో కరెంటు బిల్లుకో మూడు నెలలకోసారి డబ్బు కావాల్సిన పెద్దవాళ్లకు దీన్ని మించింది నాకు కనబడలేదు. రెండేళ్లు దాటాక మూసేస్తే అసలులో ఒక శాతం కోస్తారు, మన లెక్కలో రెండు వేలు. ఫర్వాలేదు, భరించదగ్గదే.

ఒక మాట. అర శాతం కోసం తల్లి పేరున వేసిన డబ్బు చట్టం దృష్టిలో తల్లిదే. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములున్న ఇంట్లో రేపు ఆమె తర్వాత అది ఎవరిదనే ప్రశ్న వస్తుంది. 6,872 రూపాయల కోసం అంత టెన్షన్ అవసరమా అన్నది ఇంటిని బట్టి చూసుకోవాలి. ఈ రైతుకు ఇద్దరు అన్నలు. వద్దనే చెప్పాను.

## రూపాయి వడ్డీకి ఇస్తే?

ఇది రాయకపోతే గుంటూరులో ఎవరూ ఈ పోలికను నమ్మరు. మన దగ్గర వడ్డీని నెలకు వందకు రూపాయల్లో చెప్తాం. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. ఆ భాషలో చెప్తే బ్యాంకు 6.5 శాతం 54 పైసల వడ్డీ, ఎన్నెస్సీ 64 పైసల వడ్డీ. వింటే చిన్నచూపే అనిపిస్తుంది.

రెండు లక్షలు రూపాయి వడ్డీకి ఇస్తే నెలకు 2,000, అయిదేళ్లకు 1,20,000. మొత్తం 3,20,000. అయితే ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి మూడేళ్లే గడువు. అందుకే మూడేళ్లు నిండే ముందు నోటు తిరగరాయించుకుంటారు, లేదంటే ఎంతో కొంత జమ చేయించి నోటు వెనక చెల్లు రాయిస్తారు. తిరగరాసేటప్పుడు అప్పటిదాకా పేరిన 72,000 వడ్డీని అసలులో కలిపి 2,72,000 కు కొత్త నోటు రాస్తే, అది కూడా చక్రవడ్డీయే. మూడేళ్లకోసారి కలిసే చక్రవడ్డీ. మొదటి మూడేళ్లకు 1.36 తో, తర్వాతి రెండేళ్లకు 1.24 తో గుణించండి: 3,37,280.

అంకెల్లో దీనికి పోటీ లేదు. కానీ మిగతా లెక్కలన్నింటిలోనూ గుణకారం చివరిదాకా సాగుతుందన్నది ఖాయం, ఇక్కడ అది అవతలి మనిషి పంట మీదా మాట మీదా ఆధారపడి ఉంటుంది. ఎన్నెస్సీ కన్నా ఇక్కడ ఎక్కువ వచ్చేది 47,473. అసలులో నాలుగో వంతు, అంటే 50,000 రాకపోతే చాలు, ఆ ఎక్కువంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఒక ఏడు మిర్చి ధర పడిపోతే యార్డు చుట్టుపక్కల ఎన్ని నోట్లు అలా ఆగిపోతాయో మాకు తెలుసు.

విజయవాడ, గుంటూరు చుట్టూ ఇంకో రకం ఉంది: ఎవరో ఒక కంపెనీ లేదా సొసైటీ, 11 శాతం 12 శాతం అంటూ చక్కటి బాండు అచ్చేసి ఇస్తుంది. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ గుర్తున్నవాళ్లకు దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బ్యాంకులో అయితే ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలూ వడ్డీ కలిపి అయిదు లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది. అర్బన్ కో-ఆపరేటివ్ బ్యాంకులకూ ఉంది. బ్యాంకు కాని సహకార సొసైటీలకు లేదు. పోస్టాఫీసు పథకాలకు కేంద్ర ప్రభుత్వమే పూచీ.

## అన్నీ ఒకచోట

అసలు 2,00,000, గడువు అయిదేళ్లు. వడ్డీని మీరు ముట్టుకోలేదు, వేరే చోట వేయలేదు అనుకుని రాసిన లెక్క.

| ఎక్కడ | రేటు | వడ్డీ ఏమవుతుంది | చివర్లో |
|---|---|---|---|
| బ్యాంకు క్యుములేటివ్ | 6.5% | మూడు నెలలకోసారి కలుస్తుంది | 2,76,084 |
| బ్యాంకు, అరవై దాటితే | 7% | మూడు నెలలకోసారి కలుస్తుంది | 2,82,956 |
| పోస్టాఫీసు టైమ్ డిపాజిట్ | 7.5% | ఏటా బయటికి | 2,77,100 |
| సీనియర్ సిటిజన్ స్కీమ్ | 8.2% | మూడు నెలలకోసారి బయటికి | 2,82,000 |
| ఎన్నెస్సీ | 7.7% | ఏడాదికోసారి కలుస్తుంది | 2,89,807 |

అయిదేళ్ల దాకా నిజంగా అవసరం లేని డబ్బయితే ఎన్నెస్సీ. మన రైతుకు నేను చెప్పింది అదే, కానీ పూర్తి రెండు లక్షలకు కాదు. ఎన్నెస్సీని మధ్యలో తీయడం దాదాపు కుదరదు: ఖాతాదారు చనిపోతేనో, కోర్టు ఆదేశం ఉంటేనో తప్ప. తాకట్టు పెట్టి లోను తెచ్చుకోవచ్చు, అంతే. వ్యవసాయం చేసే ఇంట్లో అయిదేళ్లలో ఒక్కసారైనా చేతులెత్తే ఏడాది వస్తుంది. అందుకని లక్షన్నర ఎన్నెస్సీ, యాభై వేలు బ్యాంకులో. లక్షన్నర 2,17,355 అవుతుంది, యాభై వేలు 69,021 అవుతుంది, కలిపితే 2,86,376. మొత్తం ఎన్నెస్సీలో వేసినదానికన్నా 3,431 తక్కువ. అవసరానికి యాభై వేలు అందుబాటులో ఉంచుకోవడానికి ఆ ధర పెట్టొచ్చు అనిపించింది నాకు.

పిల్లవాడి ఇంజినీరింగ్ ఫీజు మూడేళ్లలో మొదలవుతుందనుకుంటే ఎన్నెస్సీ జోలికి పోవద్దు. మూడేళ్లకే బ్యాంకు డిపాజిట్ వేయండి, అయిదేళ్లకు వేసి మధ్యలో తీసి ఏడు వేలు పోగొట్టుకోవద్దు. పదేళ్ల దాకా ఆగగలిగితే కిసాన్ వికాస్ పత్ర చూడండి. 7.5 శాతంతో 115 నెలలకు రెట్టింపు, రెండున్నరేళ్ల తర్వాత బయటపడే వీలూ ఉంది. పేరులో కిసాన్ ఉన్నా ఎవరైనా కొనొచ్చు.

పన్ను సంగతి. ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితే, అరవై దాటినవాళ్లకు లక్ష దాటితే, బ్యాంకు పది శాతం టీడీఎస్ కోస్తుంది. రెండు లక్షల మీద ఆ బాధ లేదు. కానీ అదే బ్యాంకులో ఇంకో పది లక్షలు ఉన్నాయంటే ఉంటుంది. క్యుములేటివ్ డిపాజిట్‌లో ఆ కోత వడ్డీలోంచే పోతుంది కాబట్టి, రసీదు మీద అచ్చయిన మెచ్యూరిటీ మొత్తం చివర్లో రాదు. 1.01625 తో జరగాల్సిన గుణకారం 1.0146 దగ్గరికి దిగిపోతుంది. "రాసిందొకటి, ఇచ్చిందొకటి" అని కౌంటర్ దగ్గర గొడవపడేవాళ్లలో చాలామంది విషయం ఇదే. ఎన్నెస్సీకి టీడీఎస్ లేదు, అయితే వడ్డీ ఆదాయంగా చూపించాల్సిందే.

## రసీదు చేతికి రాగానే

మెచ్యూరిటీ మొత్తాన్ని అసలుతో భాగించండి. బ్యాంకు 6.5 శాతం అయిదేళ్లకు 1.38, ఎన్నెస్సీకి 1.449 రావాలి. భాగిస్తే సరిగ్గా 1 వచ్చిందా, అంటే మెచ్యూరిటీ దగ్గర కూడా 2,00,000 అనే ఉందా? అయితే మీకిచ్చింది క్యుములేటివ్ కాదు, వడ్డీ నెలనెలానో మూడు నెలలకోసారో మీ ఖాతాకు వచ్చే రకం. ఫారంలో ఒక గడి టిక్కు తేడా వల్ల ఇది జరుగుతుంది, ఎక్కువగా కౌంటర్‌లో వాళ్లే ఫారం నింపినప్పుడు. ఆ రోజే చెప్తే మార్చేస్తారు. ఏడాది తర్వాత చూసుకుంటే, మూసి మళ్లీ వేయాలంటారు, అప్పుడు ఆ నాటి రేటూ, కోతా రెండూ పడతాయి.

మీ సొంత లెక్క తప్పిందేమో చూసుకోవడానికి 72 ను రేటుతో భాగించండి. 72 ను 7.5 తో భాగిస్తే 9.6, అంటే డబ్బు తొమ్మిదిన్నరేళ్లకు కాస్త పైన రెట్టింపవుతుంది. కిసాన్ వికాస్ పత్ర 115 నెలలకు దగ్గరగా కుదిరింది కదా. మీ కాలిక్యులేటర్‌లో అయిదేళ్లకే రెండు లక్షలు ఏడు లక్షలు దాటాయంటే, ఏడాది రేటును నాలుగుతో భాగించకుండా 1.07 తోనే ఇరవైసార్లు గుణించారన్నమాట.